నోటిఫికేషన్ హెడ్డింగ్‌లో లాస్ట్ డేట్ పెట్టాలా వద్దా? గడువు పెంచాక పాత డేట్‌ని మీరేం చేస్తున్నారు?

రమణ_డెస్క్
నేను ఒక తెలుగు వెబ్‌సైట్‌లో ఎడ్యుకేషన్, జాబ్స్ పేజీ చూస్తాను. మా దగ్గర రూల్ ఏంటంటే గవర్నమెంట్ జాబ్ నోటిఫికేషన్ ఏది రాసినా హెడ్డింగ్‌లోనే అర్హత, లాస్ట్ డేట్, ఎవరు ఇచ్చారు అనే మూడూ కనపడాలి. బాగానే ఉంది కానీ పబ్లిష్ అయ్యాక హెడ్డింగ్ ముట్టుకోవద్దంటారు, షేర్లు పోతాయట. ఉదాహరణకి రైల్వే గ్రూప్-డి తీసుకోండి, 2025 జనవరిలో దరఖాస్తులు మొదలైనది. హెడ్డింగ్ ఇలా ఉంది: "రైల్వేలో 32,438 గ్రూప్-డి ఉద్యోగాలు.. టెన్త్ పాసైతే చాలు.. ఫిబ్రవరి 22 లాస్ట్ డేట్". తర్వాత మార్చి 1 దాకా పెంచారు. లోపల మ్యాటర్ మార్చనిచ్చారు, హెడ్డింగ్ మార్చనివ్వలేదు. కింద కామెంట్లలో తిట్లు నాకు. ఇలాంటి చోట డేట్ అసలు పెట్టకుండా ఉంటే మంచిదా? మీరు ఎలా రాస్తున్నారు?

చురకత్తి
హెడ్డింగ్ ముట్టుకోవద్దంటే అదేమన్నా శిలాశాసనమా సార్

వెబ్_వెంకట్
డేట్ తీసేయండి బ్రో సింపుల్. "త్వరలో ముగియనున్న గడువు" అని పెట్టండి, లేదా "నేడే ఆఖరు". క్లిక్ బాగా వస్తుంది, గడువు పెంచినా హెడ్డింగ్ తప్పు అవ్వదు. నేను మూడు జాబ్ సైట్లకి పనిచేశా, అందరూ ఇదే. ఇంకోటి, ఏడాది కూడా పెట్టొద్దు, పెడితే జనవరి రాగానే పాతబడిపోతుంది.

నెట్‌సెంటర్_భాస్కర్
వెంకట్ గారూ ఆ "నేడే ఆఖరు" పుణ్యం మేం అనుభవిస్తున్నామండి. మా షాపుకి వచ్చేవాళ్ళు చేతిలో ఫోన్ పట్టుకుని స్క్రీన్‌షాట్ చూపిస్తారు, నేడే ఆఖరు అని ఉంటుంది, ఏ నేడో ఎవడికీ తెలీదు, ఎప్పుడో నాలుగు గ్రూపులు తిరిగి వచ్చిన ఫార్వర్డ్ అది. సైట్ తెరిస్తే ఒక్కోసారి గడువు ఎప్పుడో అయిపోయి ఉంటుంది, ఒక్కోసారి ఇంకా పది రోజులుంటుంది. రమణ గారు చెప్పిన గ్రూప్-డిలో రెండో రకం ఎక్కువ. ఫిబ్రవరి 22 అని చదివినోళ్ళు 23 నుంచి రావడం మానేశారు. ఎవరన్నా వేరే పని మీద వస్తే నేనే చెప్పేవాణ్ణి, బాబూ ఇంకా ఉంది అప్లై చెయ్యి అని.

పాతపేపర్
భాస్కర్ గారు చెప్పింది అసలు పాయింట్. "నేడే", "రేపే", "ఇంకా మూడు రోజులే", "త్వరలో" ఇవన్నీ రాసిన రోజుకి మాత్రమే నిజం, మర్నాటికే చెడిపోతాయి. "ఫిబ్రవరి 22" అని రాస్తే అది తప్పయ్యాక కూడా చదివేవాడికి ఏ డేట్ గురించి మాట్లాడుతున్నామో తెలుస్తుంది, సరిచూసుకోడానికి ఒక ఆధారం ఉంటుంది. వెంకట్ చెప్పింది సగం కరెక్టు, మారే వివరం హెడ్డింగ్‌లో పెడితే దాన్ని మోయాల్సిన బాధ్యత మనదే. దానికి మందు మాత్రం డేట్ తీసేయడం కాదు, ఏది ఎంత కాలం నిలుస్తుందో చూసి దాన్నిబట్టి చోటివ్వడం.

ఆ గ్రూప్-డినే చూద్దాం. నోటిఫికేషన్ నంబరు సీఈఎన్ 08/2024. ఇది ఎప్పటికీ మారదు, గడువు పెంచినా, పోస్టులు పెంచినా, సవరణ ఇచ్చినా నంబరు అదే. ఇచ్చింది రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డులు, అదీ మారదు. పోస్టుల సంఖ్య మారొచ్చు, డిసెంబర్‌లో వచ్చిన చిన్న ప్రకటనలో సుమారు 32 వేలు అన్నారు, తర్వాత 32,438 అయింది. గడువు మారొచ్చు, మారింది. అర్హత కూడా మారొచ్చు, దాని సంగతి మళ్ళీ చెప్తా. అలాంటప్పుడు మారని నంబరుకి రమణ గారి హెడ్డింగ్‌లో చోటే లేదు, మారే మూడూ మాత్రం ఉన్నాయి.

ఐటీఐ_ఫిట్టర్
అన్నా గ్రూప్ డి పడ్డదా మళ్ళ? నాది ఐటీఐ ఫిట్టర్ 2019, లింక్ పంపుండ్రి

చురకత్తి
ఇదిగో, పాత హెడ్డింగ్ వల్ల ఏమవుతుందో లైవ్‌లో చూడండి

నెట్‌సెంటర్_భాస్కర్
తమ్ముడూ అది 2025 మార్చి 1తోనే అయిపోయింది, ఇక్కడ ఊరికే ఉదాహరణగా మాట్లాడుకుంటున్నారు. రైల్వేవి ఏవైనా rrbapply.gov.in లోనే పడతాయి, అప్పుడప్పుడు అది చూస్తూ ఉండు.

రమణ_డెస్క్
పాతపేపర్ గారూ నంబరు పెట్టడం బాగుంది కానీ సీఈఎన్ 08/2024 అని హెడ్డింగ్‌లో పెడితే 2025లో చదివేవాడు ఇది పోయినేడాదిది కదా అని వదిలేయడా? మా ఎడిటర్ మొదటి మాటే అదంటాడు.

పాతపేపర్
అనుమానం న్యాయమే, అందుకే డేట్ పక్కన ఏడాది కూడా రాయాలి. నేనైతే ఇలా రాస్తా:

"రైల్వే గ్రూప్-డి: టెన్త్ లేదా ఐటీఐ పాసైనవారికి అవకాశం, 2025 ఫిబ్రవరి 22 దాకా దరఖాస్తు – ఆర్ఆర్‌బీ ప్రకటన 08/2024"

నంబరు చివర్లో. ఫోన్‌లో కనపడేది మొదటి ఐదారు మాటలే, అక్కడ ఏ ఉద్యోగం, ఎవరికి అనేది ఉంటే చాలు. చివర నంబరు మొదటిసారి చదివేవాడికి పెద్దగా అక్కర్లేదు, అప్పటికే ఒకసారి చదివి మళ్ళీ వెతుక్కునేవాడికి కావాలి. ఇక గడువు పెంచిన రోజున అదే హెడ్డింగ్:

"రైల్వే గ్రూప్-డి: దరఖాస్తు గడువు 2025 మార్చి 1కి పెంపు, టెన్త్ లేదా ఐటీఐ అర్హత – ఆర్ఆర్‌బీ ప్రకటన 08/2024"

మార్చి 2 పొద్దున:

"రైల్వే గ్రూప్-డి (08/2024): దరఖాస్తులు 2025 మార్చి 1తో ముగిశాయి, పోస్టులు, అర్హతల వివరాలు"

ఈ మూడు హెడ్డింగులూ మొదటి రోజే రాసి పెట్టుకోవాలి. గడువు పెరగకపోతే రెండోది అవసరం పడదు, మూడోది మాత్రం కచ్చితంగా అవసరం పడుతుంది. చాలామంది డెస్క్‌లో మూడోది రాయరు, ఆర్టికల్ పాతబడిపోయాక దాని మొహం ఎవరూ చూడరు గనక.

వెబ్_వెంకట్
గురువుగారూ పేపర్ రోజులు కాదివి, అలా చప్పగా రాస్తే ఎవడు నొక్కుతాడు. 32,438 అంకె తీసేశారు, అసలు ఆ అంకె చూసే జనం వస్తారు

పాతపేపర్
అంకె పెట్టుకోండి, కాదనను. కానీ అది నమ్మదగ్గ అంకె కాదని గుర్తుంచుకోండి. అదే రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్, సీఈఎన్ 01/2024లో మొదట 5,696 పోస్టులు, దరఖాస్తులు అయిపోయిన చాలా రోజులకి దాన్ని 18,799 చేశారు. ఇప్పటికీ వెతికితే రెండు అంకెలూ రెండు రకాల హెడ్డింగుల్లో కనపడతాయి, రెండూ ఒకే నోటిఫికేషన్ అని కొత్తవాడికి తెలిసే దారే లేదు, ఎందుకంటే ఎవడూ నంబరు వెయ్యలేదు.

గ్రూప్స్_గాయత్రి
నంబర్ గురించి నా అనుభవం చెప్తా. తెలంగాణ గ్రూప్-1కి నేను 2022లో అప్లై చేశా, 04/2022, 503 పోస్టులు. ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దవడం అందరికీ తెలిసిందే. 2024 ఫిబ్రవరి 19న ఆ నోటిఫికేషన్‌నే రద్దు చేసి అదే రోజు కొత్తది 02/2024 ఇచ్చారు, 563 పోస్టులతో. నేను చదివిన ఒక సైట్‌లో హెడ్డింగ్ ఏంటో తెలుసా, "గ్రూప్-1 పోస్టులు 563కి పెంపు". పెంపు అంటే పాతదే కంటిన్యూ అవుతోంది, మన అప్లికేషన్ సేఫ్ అనే కదా ఎవరైనా అనుకునేది. నిజానికి పాతవాళ్ళు కూడా మళ్ళీ అప్లై చెయ్యాలి, ఫీజు మాత్రమే మినహాయింపు. నా ఫ్రెండ్ చెప్పబట్టి సరిపోయింది. మార్చి 14 గడువు, తర్వాత 16 సాయంత్రం 5 దాకా పెంచారు, నేను అప్లై చేసింది ఆ చివర్లోనే.

వయసు కూడా అంతే, కొత్తదాంట్లో గరిష్ఠం 46. పాత ఆర్టికల్‌లోంచి 44 అని కాపీ కొట్టి పెట్టినవి ఎన్ని చూశానో.

నెట్‌సెంటర్_భాస్కర్
సాయంత్రం 5 అన్నది హెడ్డింగ్‌లో ఎవరూ పెట్టరండి. రైల్వేవి రాత్రి 11:59 దాకా ఉంటాయి, సర్వీస్ కమిషన్‌ది సాయంత్రానికే మూసేస్తే మా షాపు ముందు గొడవ. చివరి రోజు టైమ్ కూడా రాయండి బాబూ పుణ్యం ఉంటుంది.

ఇంకోటి, గ్రూప్-డిలో అప్లికేషన్ మార్చి 1తో ఆగింది, ఫీజు కట్టడానికి 3 దాకా ఇచ్చారు. ఒక కుర్రోడు ఫీజు డేట్‌ని లాస్ట్ డేట్ అనుకుని రెండో తారీఖున వచ్చాడు. ఎక్కడో హెడ్డింగ్‌లో "మార్చి 3 వరకు ఛాన్స్" అని చూశాట్ట. ఎవరికి ఛాన్స్ అండీ అది, ముందే ఫారం నింపేసి డబ్బు కట్టనోళ్ళకి.

శ్రావణి_టెక్
హెడ్డింగ్ మారిస్తే షేర్లు పోతాయని మీ ఎడిటర్ అంటున్నది రెండు వేరు విషయాలు కలిపేసిన మాట రమణ గారూ. షేర్లు పోయేది లింక్ అడ్రస్ మారిస్తే, హెడ్డింగ్ మారిస్తే కాదు. అడ్రస్‌లో మాత్రం డేట్ ఉండకూడదు. ఇలాంటివి చూస్తుంటాం:

```
/jobs/railway-group-d-last-date-feb-22
```

దీన్ని మార్చలేరు, ఉంచలేరు. ఇలా ఉంటే ఎన్నిసార్లు గడువు పెంచినా ఇబ్బంది లేదు:

```
/jobs/rrb-group-d-cen-08-2024
```

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. ఒకే హెడ్డింగ్ నాలుగు చోట్ల దాక్కుని ఉంటుంది. పేజీలో పెద్దక్షరాల్లో కనపడేది, గూగుల్‌కి ఇచ్చే టైటిల్, వాట్సాప్ ఫేస్‌బుక్‌లకి ఇచ్చే టైటిల్, బొమ్మ మీద రాసిన అక్షరాలు. మీరు ఒకటి మారుస్తారు, మిగతా మూడు పాతవే ఉంటాయి. పేజీలో ఒకటి, టైటిల్‌లో పాతది ఉంటే గూగుల్ ఒక్కోసారి దానంతట అదే పేజీలోది తీసుకుంటుంది, కానీ తీసుకోకపోతే మీరేం చెయ్యలేరు. వాట్సాప్ ఇంకా కష్టం, పంపినప్పుడు ఏ టైటిల్ ఉందో ఆ మెసేజ్‌లో అదే ఉండిపోతుంది, తర్వాత మీరు సైట్‌లో ఏం మార్చినా వెళ్ళిపోయిన మెసేజ్ మారదు.

వెబ్_వెంకట్
చూశారా, అందుకే నేను డేట్ వద్దన్నది. వెళ్ళిపోయిన మెసేజ్ మారదు కదా మరి.

శ్రావణి_టెక్
ఆ ఒక్క పాయింట్ ఒప్పుకుంటా. అందుకే మేం వాట్సాప్‌కి వెళ్ళే టైటిల్ వేరుగా రాస్తాం, దాంట్లో ఉద్యోగం పేరు, అర్హత, బోర్డు పేరు, నంబరు ఉంటాయి, డేట్ మాత్రం ఉండదు. పేజీలో ఉన్నదాంట్లో డేట్ ఉంటుంది. బొమ్మ మీద మాత్రం డేట్ ఎప్పుడూ రాయకూడదు, బొమ్మ మార్చడానికి ఎవరికీ ఓపిక ఉండదు.

గ్రూప్స్_గాయత్రి
శ్రావణి గారూ నాకిది నచ్చలేదు. చదివేవాళ్ళం మేం గ్రూపులో వచ్చిన మెసేజ్ చూసి ఇప్పుడు తెరవాలా, రాత్రికి తెరవచ్చా అని డిసైడ్ చేసుకుంటాం. డేట్ లేకపోతే ప్రతీదీ తెరిచి చూడాలి. పాత డేట్ కనపడితే తలనొప్పే, అసలు డేట్ లేకపోతే ఇంకో రకం తలనొప్పి.

శ్రావణి_టెక్
నిజమే, దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. మావాళ్ళు గడువు పెరిగితే కొత్తగా ఇంకో మెసేజ్ వేస్తారు, కానీ పాతది డిలీట్ చెయ్యమంటే చెయ్యరు.

చురకత్తి
డిలీట్ చేస్తే గ్రూప్ అడ్మిన్ మనసు నొచ్చుకుంటుంది

పాతపేపర్
అర్హత సంగతి చెప్తానన్నాను కదా. లెవెల్-1లో, అంటే ఈ గ్రూప్-డిలోనే, టెక్నికల్ విభాగాలకి అంతకుముందు టెన్త్‌తో పాటు ఐటీఐ గానీ అప్రెంటిస్ సర్టిఫికెట్ గానీ ఉండాలనే నిబంధన ఉండేది. 2025 జనవరి మొదట్లో రైల్వే బోర్డు దాన్ని సడలించింది, టెన్త్ గానీ ఐటీఐ గానీ అప్రెంటిస్ సర్టిఫికెట్ గానీ ఏదో ఒకటి ఉంటే చాలు. డిసెంబర్ చివర్లో పాత నిబంధన గుర్తుపెట్టుకుని "ఐటీఐ తప్పనిసరి" అని హెడ్డింగ్ పెట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు. పూర్తి నోటిఫికేషన్ రాకుండా అర్హత హెడ్డింగ్‌లో ఎక్కించకూడదు. చిన్న ప్రకటన వచ్చిన రోజున "అర్హతలు పూర్తి నోటిఫికేషన్‌లో" అని రాసి ఊరుకోవాలి, అదేం చిన్నతనం కాదు.

రమణ గారు పెట్టిన "టెన్త్ పాసైతే చాలు"లో "చాలు" అన్న మాట తీసేయండి. చాలదు. వయసు 18 నుంచి 36 మధ్య ఉండాలి, రిజర్వేషన్ సడలింపులు వేరు, శారీరక పరీక్ష, మెడికల్ ఉన్నాయి. ఆ 36 కూడా కోవిడ్ వల్ల మూడేళ్ళు కలిపి ఇచ్చినది, అది ఆ ప్రకటనకే. తర్వాతి దానికి పాత ఆర్టికల్ తెరిచి పైపైన మార్చి వేసేవాడు ఆ 36ని అలాగే వదిలేస్తాడు. నన్నడిగితే పాత ఆర్టికల్ కాపీ తీసి కొత్తది రాయడమే మొత్తం రోగానికి మూలం. ఖాళీ పేజీ మీద నోటిఫికేషన్ పీడీఎఫ్ పక్కన పెట్టుకుని రాస్తే ఇందులో సగం పోతాయి.

ఐటీఐ_ఫిట్టర్
మరి టెన్త్ రాసి రిజల్ట్ కోసం చూసేటోళ్ళకి ఛాన్స్ ఉంటదా? మా తమ్ముడు ఉన్నడు

గ్రూప్స్_గాయత్రి
గ్రూప్-డిలో ఉండదు తమ్ముడూ, రిజల్ట్ వచ్చి ఉండాలి. అందుకే హెడ్డింగ్‌లో "టెన్త్ అర్హత" కంటే "టెన్త్ పాసైనవారికి" అంటేనే కరెక్టు.

రమణ_డెస్క్
ఇక్కడ ఒక డౌట్. గడువు ఫిబ్రవరి 22 నుంచి మార్చి 1కి జరిగింది. మధ్యలో ఎవరికైనా సర్టిఫికెట్ చేతికొస్తే వాళ్ళు అర్హులా? వయసు లెక్క కూడా జరుగుతుందా?

పాతపేపర్
వయసు జరగదు, అది 2025 జనవరి 1 నాటికి అని విడిగా ఇచ్చారు, దరఖాస్తు గడువుతో దానికి సంబంధం లేదు. చదువు సంగతి మాత్రం గడువు పెంచుతూ ఇచ్చిన నోటీసు చదవకుండా నేను చెప్పను, మీరూ రాయకండి. అలాంటి నోటీసులో ఒక్కోసారి మిగతా షరతులు యథాతథం అనే లైన్ ఉంటుంది, ఆ ఒక్క లైన్ మీదే ఉంటుంది కథంతా. మనం డేట్ ఒక్కటి పట్టుకుని "మరో వారం అవకాశం" అని వేసేస్తాం.

వెబ్_వెంకట్
సరే డేట్, అర్హత ఒప్పుకున్నా. అఫీషియల్ సోర్స్ హెడ్డింగ్‌లో ఎందుకు? చివర్లో "అఫీషియల్ వెబ్‌సైట్ కోసం ఇక్కడ క్లిక్ చేయండి" అని ఉంటుంది కదా.

నెట్‌సెంటర్_భాస్కర్
ఆ "ఇక్కడ క్లిక్ చేయండి" నొక్కితే ఇంకో ఆర్టికల్‌కి పోతుంది, దాంట్లో ఇంకో ఇక్కడ క్లిక్ చేయండి. అసలు సైట్‌కి చేరేసరికి బ్యాటరీ అయిపోతుంది.

స్టాఫ్ సెలెక్షన్‌ది ఇంకో తంటా. 2024 ఫిబ్రవరిలో వాళ్ళు ssc.nic.in నుంచి ssc.gov.in కి మారారు, కొత్త సైట్‌లో వన్ టైమ్ రిజిస్ట్రేషన్ మళ్ళీ చెయ్యాలి. పాత లింక్ ఉన్న ఆర్టికల్స్ పట్టుకుని వచ్చి పాత పాస్‌వర్డ్ పనిచెయ్యట్లేదు అన్నా అని ఎంతమందో. ఆర్టికల్ మీద డేట్ చూస్తే కొత్తగా అప్‌డేట్ చేసినట్టుంటుంది, లోపల లింక్ పాతదే.

శ్రావణి_టెక్
లోపల ఏమీ మార్చకుండా పైన "అప్‌డేటెడ్" డేట్ మాత్రం కొత్తగా వేయడం, వెంకట్ గారూ ఇది మీ ఫ్రెండ్స్ పనే 🙂

వెబ్_వెంకట్
నో కామెంట్స్

పాతపేపర్
హెడ్డింగ్‌లో వెబ్ అడ్రస్ అక్కర్లేదు, ఇచ్చిన సంస్థ పేరు ఉంటే చాలు. "రైల్వే శాఖ" అని కాకుండా ఆర్ఆర్‌బీ, "తెలంగాణ ప్రభుత్వం" అని కాకుండా టీజీపీఎస్సీ. ఆ పేరుతో వెతుక్కోగలడు. అడ్రస్ మొదటి పేరాలోనే అక్షరాల్లో రాయండి, లింక్ వెనక దాచకుండా, ప్రింట్ తీసినా స్క్రీన్‌షాట్ తీసినా కనపడేలా. సంస్థ పేర్లు కూడా పాతబడతాయని మర్చిపోవద్దు. 2024లో టీఎస్‌పీఎస్సీ టీజీపీఎస్సీ అయింది, కొత్త ప్రకటనకి పాత పేరుతో హెడ్డింగ్ పెట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. 04/2022 గురించి రాసేటప్పుడు మాత్రం టీఎస్‌పీఎస్సీ అనే ఉండాలి, అప్పటి పీడీఎఫ్‌లో పేరు అదే.

గ్రూప్స్_గాయత్రి
అయిపోయిన వాటిని కొంతమంది డిలీట్ చేస్తున్నారు, దయచేసి చెయ్యకండి. అప్లై చేసినవాళ్ళకి ఎగ్జామ్ దాకా ఆ పేజీతో పని ఉంటుంది, సిలబస్, ప్యాటర్న్ అన్నీ అందులోనే. "దరఖాస్తులు ముగిశాయి" అని పైన రాసి ఉంచండి చాలు.

రమణ_డెస్క్
సరే, మూడు హెడ్డింగుల ఐడియా, అడ్రస్‌లో డేట్ తీసేయడం రేపు ఎడిటర్‌కి చూపిస్తా. గడువు పెంపుకి అదే పేజీ మార్చాలా, విడిగా చిన్న వార్త వేయాలా?

శ్రావణి_టెక్
అదే పేజీ. రెండు పేజీలైతే గూగుల్‌లో పాతదే పైకొస్తుంది, చాలాసార్లు చూశా.

పాతపేపర్
నేను విడిగా కూడా వేస్తా. పెంపు అనేది ఆ రోజు వార్త, తెల్లారి పొద్దున్న వార్తలు చదివేవాడు పాత పేజీ తెరవడు. కాకపోతే ఆ చిన్న వార్తలో అర్హతలు మళ్ళీ రాయకూడదు, అసలు పేజీకి పంపించాలి. రెండు చోట్ల రాస్తే రెండు చోట్లా దిద్దాలి.

శ్రావణి_టెక్
వార్తకి ఓకే, కానీ మీ డెస్క్‌లో ఆ క్రమశిక్షణ ఎంతమందికి ఉంది సార్

చురకత్తి
ఇద్దరికి. ఒకరు రిటైరయ్యారు

రమణ_డెస్క్
ఇంకొక్కటి అడిగి వదిలేస్తా. కొన్ని సంస్థలవి డేటే ఉండదు, "ఎంప్లాయ్‌మెంట్ న్యూస్‌లో ప్రచురితమైన నాటి నుంచి 60 రోజుల్లోపు" అని ఉంటుంది. దానికి హెడ్డింగ్ ఎలా?

పాతపేపర్
అది వీక్లీ, ఆ సంచిక మీద ఒక వారం తేదీలు ఉంటాయి. ఏ సంచికలో వచ్చిందో పట్టుకుని లెక్కేసి డేట్ రాయాలి, ఆర్టికల్‌లో ఏ సంచిక నుంచి లెక్కేశామో చెప్పాలి. "60 రోజుల్లోపు" అని హెడ్డింగ్ పెడితే నెల తర్వాత చదివినవాడు కూడా ఆ రోజు నుంచి 60 లెక్కేసుకుంటాడు. అండమాన్, లక్షద్వీప్, ఈశాన్య రాష్ట్రాల వాళ్ళకి కొన్నింట్లో అదనంగా రోజులిస్తారు, ఆ పెద్ద డేట్ మన హెడ్డింగ్‌లోకి రాకుండా చూసుకోండి.

నెట్‌సెంటర్_భాస్కర్
ప్రచురించిన రోజుని కూడా కలిపి లెక్కేస్తారా, మర్నాటి నుంచా? మా దగ్గర దీని మీద పెద్ద వాదన నడిచింది.

పాతపేపర్
ప్రకటనలో స్పష్టంగా లేకపోతే నేను ఒక రోజు ముందుదే రాస్తా. ఒక రోజు ముందు పంపినవాడికి నష్టం లేదు.

వెబ్_వెంకట్
అది మాత్రం తప్పు డేట్ వేసినట్టే కదా గురువుగారూ

పాతపేపర్
హెడ్డింగ్‌లో ఒక రోజు ముందుది, లోపల లెక్క మొత్తం. వాదించేవాడు లోపలికొచ్చి వాదిస్తాడు.